వికేరియస్ లయబిలిటీ, 4వ పాఠం: డబ్బు ఉద్యోగి కాజేస్తే యజమాని కట్టాలా?

వికేరియస్ లయబిలిటీ అంటే ఉద్యోగి చేసిన తప్పుకి యజమాని కూడా బాధ్యత వహించడం. పోయిన పాఠంలో డ్రైవర్ల కేసులు చూశాం కదా, కంపెనీ పని మీద బండి నడుపుతూ నిర్లక్ష్యంగా ఎవరినైనా గుద్దితే కంపెనీ కూడా నష్టపరిహారం కట్టాలి, ఎందుకంటే పని కంపెనీదే, చేసిన తీరు మాత్రమే తప్పు. అక్కడ పెద్దగా గొడవ లేదు. అసలు చిక్కంతా ఉద్యోగి కావాలనే మోసం చేసి ఆ డబ్బు తన జేబులో వేసుకున్నప్పుడు వస్తుంది. యజమానికి పైసా లాభం లేదు, పైగా ఆయనకి తెలియను కూడా తెలియదు, మరి ఆయన ఎందుకు కట్టాలి అని ఎవరికైనా అనిపిస్తుంది.

ఇంగ్లాండ్‌లో అప్పట్లో అన్నిటికన్నా పై కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ 1912లో దీనికి జవాబు చెప్పింది, లాయిడ్ వర్సెస్ గ్రేస్, స్మిత్ అనే కేసులో. ఒక భర్త పోయినావిడ తన రెండు చిన్న ఇళ్ల గురించి సలహా కోసం లాయర్ల ఆఫీసుకి వెళ్లింది. అక్కడ ఆవిడతో మాట్లాడింది ఆ ఆఫీసు మేనేజింగ్ క్లర్కు. ఇళ్లు అమ్మిపెడతాను, ఇక్కడ సంతకాలు పెట్టండి అన్నాడు, ఆవిడ పెట్టేసింది, తీరా చూస్తే ఆ కాగితాలతో ఆస్తి అతని పేరు మీదకే వెళ్లిపోయింది. లాయరు మాకేం తెలీదు, మాకేం లాభం రాలేదు అన్నాడు. కోర్టు ఒప్పుకోలేదు. క్లయింట్లతో మాట్లాడి ఇలాంటి కాగితాలు చూసే పని ఆ క్లర్కుకి అప్పగించింది ఆ ఆఫీసే, ఆవిడ వాళ్ల ఆఫీసు క్లయింటుగా వచ్చి ఆ హోదాని నమ్మింది, కాబట్టి లాభం ఎవరికి పోయినా ఆఫీసే బాధ్యత వహించాలి అంది.

ఇప్పుడు మన దగ్గరి కేసుకి రండి, దీన్ని కాస్త నిదానంగా చదవండి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా వర్సెస్ శ్యామాదేవి, సుప్రీంకోర్టు, 1978. అలహాబాద్‌లో ఇంపీరియల్ బ్యాంకులో ఆవిడకి సేవింగ్స్ ఖాతా ఉంది, ఆ బ్యాంకే తర్వాత 1955లో స్టేట్ బ్యాంక్ అయింది. ఆ బ్యాంకులో పనిచేసే ఒకాయన వాళ్లకి పొరుగింటాయన, భర్తకి స్నేహితుడు. తెలిసినవాడే కదా అని ఖాతాలో వేయమని ఆయన చేతికి డబ్బు ఇచ్చారు. బ్యాంకు నుంచి రసీదు తీసుకోలేదు. ఆయన పాస్‌బుక్‌లో దొంగ ఎంట్రీలు రాసి ఇచ్చి డబ్బు తినేశాడు. హైకోర్టులో ఆవిడ గెలిచింది, సుప్రీంకోర్టు మాత్రం దాన్ని తిప్పేసి బ్యాంకు బాధ్యత లేదంది.

మోసం రెండిట్లోనూ ఒకటే, బాధితులు రెండిట్లోనూ అమాయకులే, మరి తేడా ఎక్కడొచ్చింది? ఆ ఉద్యోగి సేవింగ్స్ ఖాతాల కౌంటర్లో లేడు, జనం దగ్గర డిపాజిట్లు తీసుకునే పని బ్యాంకు అతనికి ఇవ్వలేదు. శ్యామాదేవి వాళ్లు డబ్బిచ్చింది బ్యాంకు మనిషని కాదు, మా పొరుగాయన అని. అంటే ఆ క్షణంలో అతను బ్యాంకు తరఫున కాదు, వాళ్ల తరఫునే డబ్బు పట్టుకెళ్తున్నాడు అని కోర్టు చూసింది. బ్యాంకులో ఉద్యోగం వల్ల అతనికి మోసం చేసే వీలు దొరికింది నిజమే, కానీ వీలు దొరకడం వేరు, బ్యాంకు అప్పగించిన పనిలో మోసం చేయడం వేరు. ఆవిడ పరిస్థితి చూస్తే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది, అయినా లాజిక్ మాత్రం గట్టిగానే ఉంది.

కాబట్టి ఇలాంటి కేసు ఏది వచ్చినా ముందు లాభం ఎవరికి అని వెతకొద్దు. డబ్బు లేదా కాగితం చేతులు మారిన ఆ ఒక్క క్షణం దగ్గర ఆగి, ఆ రకం పని యజమాని ఇతనికి అప్పగించాడా, ఇచ్చినవాళ్లు యజమాని మనిషనుకుని ఇచ్చారా లేక సొంత పరిచయం మీద ఇచ్చారా అని అడగండి. ఎక్కడ ఇచ్చారు, ఏ టైంలో, చేతికి ఏ కాగితం వచ్చింది అనేవి దీనికి సాక్ష్యాలు. కౌంటర్లో కూర్చున్న క్యాషియరే డబ్బు తీసుకుని, స్టాంపు వేసిన చలానా ఇచ్చి, లెక్కలో ఎక్కించకుండా జేబులో వేసుకుంటే బ్యాంకు తప్పించుకోవడం చాలా కష్టం. ఇంకోటి, యజమాని బాధ్యత తేలినా తేలకపోయినా మోసం చేసిన ఉద్యోగి బాధ్యత ఎక్కడికీ పోదు, అతని మీద దావా వేసుకోవచ్చు, కాకపోతే అతని దగ్గర వసూలు చేయడానికి ఏమీ మిగలదు, అందుకే అందరూ యజమాని మీదకి వెళ్తారు.

వచ్చే పాఠం లోపు ఇది రాసి చూడండి. గుంటూరులో ఒక ఫైనాన్స్ కంపెనీ కలెక్షన్ కుర్రాడు ప్రతి నెలా ఇంటికొచ్చి కంపెనీ రసీదు బుక్ మీద వాయిదా తీసుకునేవాడు. ఉద్యోగం మానేశాడు, కంపెనీ రసీదు బుక్ వెనక్కి తీసుకోలేదు, కస్టమర్లకి చెప్పనూ లేదు. తర్వాతి నెల కూడా అతనే వచ్చి అదే బుక్ మీద రసీదు రాసి డబ్బు పట్టుకెళ్లాడు. అతను ఇప్పుడు ఉద్యోగే కాదు కదా, మరి ఆ వాయిదా కట్టినట్టా, కట్టనట్టా?