ఫ్రెంచ్ పాఠాలు, ఏడో భాగం: మొహం ఇంగ్లీష్‌ది, మనసు ఫ్రెంచ్‌ది

పోయిన భాగం చదివి చాలామంది అడిగింది ఒక్కటే, ఇంగ్లీష్ వచ్చు కదా, సగం ఫ్రెంచ్ మాటలు చూడగానే తెలిసిపోతున్నాయి, ఇంక కష్టపడి నేర్చుకోడం ఎందుకు అని. నిజమే, తెలిసిపోతాయి. ఆ తెలిసిపోవడమే ఇవాళ్టి పాఠం. చూడ్డానికి ఇంగ్లీష్ మాటలా ఉండి అర్థం మాత్రం వేరేగా ఉండే వాటిని ఫ్రెంచ్‌వాళ్ళు ఫోజామి అంటారు, అంటే దొంగ స్నేహితులు. అలాంటివి వందల్లో ఉన్నాయి, మనం ఇవాళ మూడే చూద్దాం, ఎందుకంటే ఆఫీసు మెయిళ్ళలో రోజూ తగిలేవి ఈ మూడే: ఆక్త్యుఎల్మాఁ, ఎవాఁత్యుఎల్మాఁ, సాఁసీబ్ల్. మొదటి రెండిటి చివర రాసేటప్పుడు మెంట్ అని ఉంటుంది గానీ పలికేటప్పుడు ముక్కుతో మాఁ అని వదిలేస్తారు, ఇది మూడో భాగంలో చెప్పుకున్నాం.

ముందు నా గొడవ ఒకటి చెప్తా. కొన్నేళ్ళ క్రితం హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో ఫ్రాన్స్ సప్లయర్ల మెయిళ్ళు ఇంగ్లీష్‌లోకి మార్చే పని నాది. ఒకరోజు ఒక మెయిల్, మార్చిలో ఎవాఁత్యుఎల్మాఁ ఒక టెక్నీషియన్‌ని పంపగలం అని. నేను చక్కగా ఈవెంచువల్లీ టెక్నీషియన్‌ని పంపుతారు అని రాసి మేనేజర్‌కి ఫార్వర్డ్ చేశా. ఆయన ఇంకేముంది వస్తున్నాడు అనుకుని మార్చిలో రెండు రోజులు మెషిన్ ఆపడానికి ప్లాన్ వేసి, గెస్ట్ హౌస్‌లో రూమ్ కూడా పెట్టించాడు. మార్చి అయిపోయింది, ఎవడూ రాలేదు. ఫోన్ చేస్తే అవతలాయన, మీకు అవసరమైతే చెప్పమన్నాం, మీరు చెప్పలేదు కదండీ అన్నాడు. ఆయన చెప్పింది కరెక్టే. ఎవాఁత్యుఎల్మాఁ అంటే చివరికి కాదు, అవసరం పడితే, కుదిరితే, ఒకవేళ అని అర్థం. నేను ఒక ఒకవేళని తీసుకెళ్ళి గ్యారంటీ చేసేశా.

ఇప్పుడు ఒక్కో మాటా చూద్దాం.

ఆక్త్యుఎల్మాఁ అంటే ప్రస్తుతం. అంతే. ఆక్త్యుఎల్ అంటే ఇప్పుడున్న, టీవీలో వార్తల్ని అక్కడ ఆక్త్యుఆలితే అంటారు, అంటే ఇప్పటి సంగతులు. ఇంగ్లీష్ యాక్చువల్లీకి ఫ్రెంచ్‌లో మాట ఆఁ ఫెత్. మనకి ఇక్కడ ఒక అడ్వాంటేజ్ ఉంది, మనం తెలుగులో రోజుకి వందసార్లు యాక్చువల్‌గా అంటాం కానీ దాని అర్థం నిజానికి, అసలు అని మనందరికీ తెలుసు. అందుకే నేను చెప్పే చిట్కా ఏంటంటే ఇంగ్లీష్‌ని మధ్యలోంచి తీసేసి తెలుగు మీదుగా వెళ్ళండి. అసలు అనాలంటే ఆఁ ఫెత్, ప్రస్తుతం అనాలంటే ఆక్త్యుఎల్మాఁ, ఈ రెండూ తెలుగులో ఎప్పుడూ కలవవు కాబట్టి ఫ్రెంచ్‌లో కూడా కలవవు.

డబ్బుల దగ్గర ఇది ఇంకా డేంజర్. యాక్చువల్ కాస్ట్ అంటే నిజంగా అయిన ఖర్చు, ఫ్రెంచ్‌లో కూ రెఎల్ అనాలి. కూ ఆక్త్యుఎల్ అంటే ఇవాళ్టి ఖర్చు. ఫైనాన్స్ చదివినవాళ్ళకి బాగా గుర్తుండే ఉదాహరణ ఒకటుంది, మనం నెట్ ప్రెజెంట్ వాల్యూ అనేదాన్ని ఫ్రెంచ్‌లో వాలర్ ఆక్త్యుఎల్ నెత్ అంటారు, ప్రెజెంట్ ఉన్న చోట ఆక్త్యుఎల్ ఉంది చూడండి. దీన్ని నెట్ యాక్చువల్ వాల్యూ అని రాసిన రిపోర్టు నేను కళ్ళారా చూశా, రాసినాయన ఎంబీయే.

ఎవాఁత్యుఎల్మాఁ గురించి పైన చెప్పా, కానీ దీనికి ఒక సోదరుడు ఉన్నాడు, అదే ఎవాఁత్యుఎల్ అనే విశేషణం, ఇది కాంట్రాక్టుల్లో విపరీతంగా వస్తుంది. లె జెవాఁత్యుఎల్ రెక్లమాస్యోఁ అని ఉంటే దాన్ని ఈవెంచువల్ కంప్లయింట్స్ అని రాయడం తప్పు, పాసిబుల్ కంప్లయింట్స్ అని రాస్తే తప్పు కాదు గానీ ఎబ్బెట్టుగా ఉంటుంది. తెలుగులో ఎలా అంటాం? ఏవైనా ఫిర్యాదులుంటే అంటాం. ఇంగ్లీష్‌లో కూడా అదే, ఎనీ కంప్లయింట్స్. ఒక్క ఎనీతో పని అయిపోతుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, రెండేళ్ళు పాసిబుల్ పాసిబుల్ అని రాసి రాసి చివరికి ఒక సీనియర్ దిద్దితే తెలిసింది.

ఇంగ్లీష్ ఈవెంచువల్లీకి ఫ్రెంచ్‌లో ఏమనాలి అంటే సందర్భాన్ని బట్టి. చాలా తంటాలు పడి ఎట్టకేలకు అయితే ఫినాల్మాఁ, ఎప్పటికైనా తప్పదు అనే అర్థంలో అయితే తో ఊ తార్, అంటే ఇవాళ కాకపోతే రేపు, ఆ తర్వాత జరిగింది అనాలంటే పార్ లా స్యూయిత్. ఇంకో సంగతి, ఈ విషయంలో ఇంగ్లీషే ఒంటరి, జర్మన్ ఈవెంతుయెల్, ఇటాలియన్, స్పానిష్ మాటలు కూడా ఒకవేళ అనే అర్థం వైపే ఉంటాయి. ఇంగ్లీష్‌లో కూడా ఆ పాత వాసన పూర్తిగా పోలేదు, ఎనీ ఈవెంచువాలిటీ అంటే ఏదైనా జరిగితే అనే కదా. గుర్తు పెట్టుకోడానికి అది చాలు.

కెనడా పీఆర్ కోసం టెఫ్ రాసేవాళ్ళు ఒకటి గమనించండి, క్యుబెక్ వైపు ఇంగ్లీష్ ప్రభావంతో ఎవాఁత్యుఎల్మాఁని చివరికి అనే అర్థంలో వాడేవాళ్ళు తగులుతారు. వింటే అర్థం చేసుకోండి, పరీక్షలో మాత్రం మీరు అలా రాయకండి.

ఇక సాఁసీబ్ల్. దీనికి రెండు మొహాలు. మొదటిది సున్నితమైన, అంటే మనం తెలుగులో సెన్సిటివ్ అంటామే అది. సెన్సిటివ్ డేటాని దొనె సాఁసీబ్ల్ అంటారు, గొడవలకి పేరుపడ్డ బస్తీని కార్త్యే సాఁసీబ్ల్ అంటారు. రెండోది తెలిసేంత, చెప్పుకోదగ్గ. ధరల్లో పెరుగుదల సాఁసీబ్ల్ అంటే అది న్యాయమైన పెరుగుదల కాదు, జేబుకి తగిలే పెరుగుదల. మెకానికల్ వాళ్ళకి సెన్సిబుల్ హీట్ తెలుసు కదా, అందులో సెన్సిబుల్ అంటే తెలివైన వేడి అని ఎవరూ అనుకోరు, థర్మామీటర్‌కి తెలిసే వేడి, లేటెంట్ హీట్‌కి వ్యతిరేకం. అదే అసలు పాత అర్థం, ఫ్రెంచ్ దాన్ని అలాగే ఉంచుకుంది. ఇంగ్లీష్ మామూలు సెన్సిబుల్‌కి, అంటే బుద్ధిగల, సబబైన అనడానికి, ఫ్రెంచ్‌లో రెజొనాబ్ల్.

ఇప్పుడు ఈ మూడూ ఒకే వాక్యంలో ఉన్న మెయిల్ ఒకటి విప్పుదాం. ఇది నేను పాఠం కోసం తయారుచేసిందే గానీ ఇలాంటివి నిజంగానే వస్తాయి.

ల కాప్తర్ ఆక్త్యుఎల్ ఎ త్రో సాఁసీబ్ల్, ను పూర్యోఁ ఎవాఁత్యుఎల్మాఁ ల రాఁప్లసె, ల స్యూర్కూ న సరె పా సాఁసీబ్ల్.

కాప్తర్ అంటే సెన్సర్, త్రో అంటే మరీ, రాఁప్లసె మార్చడం, స్యూర్కూ అదనపు ఖర్చు. మొహాలు చూసి అనువదిస్తే ఇలా వస్తుంది: అసలైన సెన్సర్ మరీ తెలివైనది, చివరికి దాన్ని మార్చగలం, అదనపు ఖర్చు సబబుగా ఉండదు. మొదటి ముక్క నవ్వొచ్చేలా ఉంది కాబట్టి ఎవరైనా ఆగి చూస్తారు. చివరి ముక్క దగ్గరే ప్రమాదం, ఎందుకంటే ఖర్చు సబబుగా ఉండదు అన్నది పూర్తిగా నమ్మదగ్గ వాక్యం. మేనేజర్ అది చదివి వద్దులే అంటాడు. కానీ అవతలివాడు రాసింది దానికి ఉల్టా: ఇప్పుడున్న సెన్సర్ మరీ సెన్సిటివ్‌గా ఉంది, కావాలంటే మార్చొచ్చు, అదనపు ఖర్చు పెద్దగా తెలియదు కూడా. మార్చుకోండి, చవకే అని చెప్తున్నవాడి నోట్లో మార్చకండి, దండగ అని పెట్టాం.

ఇటునుంచి అటు వెళ్ళేటప్పుడు కూడా ఇదే తంతు. మీరు ఇంగ్లీష్‌లో యాక్చువల్లీ ద పంప్ ఈజ్ వర్కింగ్ అనుకుని ఫ్రెంచ్‌లో ఆక్త్యుఎల్మాఁ పెట్టారనుకోండి, అవతలివాడికి వినపడేది పంపు ప్రస్తుతానికి పనిచేస్తోంది అని, అంటే రేపు ఆగిపోవచ్చేమో అని వాడికి డౌట్. వి విల్ ఈవెంచువల్లీ నీడ్ ఎ ఫిల్టర్ అన్నదాన్ని ఎవాఁత్యుఎల్మాఁతో రాస్తే, ఫిల్టర్ కావాలో వద్దో వీళ్ళకే తెలీదు అనుకుని వాడు స్టాక్ పెట్టడు. రెండు వాక్యాల్లోనూ గ్రామర్ తప్పు లేదు, స్పెల్ చెక్ ఎర్రగీత గీయదు, అందుకే ఎవరూ పట్టుకోరు. ఇక్కడ ఆఁ ఫెత్, తో ఊ తార్ పెడితే సరిపోతుంది.

మరి చదివేటప్పుడు ఎలా పట్టుకోడం అంటే పక్కనున్న క్రియ చూడండి. ఎవాఁత్యుఎల్మాఁ పక్కన చాలాసార్లు పూర్యోఁ, పూర్రె లాంటి చేయొచ్చు, చేయగలం రూపాలు ఉంటాయి, ఖాయంగా జరిగేదాని పక్కన అవి ఉండవు కదా.

చివరగా ఒక్క మెలిక, సాఁసీబ్ల్‌మాఁ. ఇది చాలా ఏళ్ళు చేసినవాళ్ళని కూడా ముంచుతుంది. ప్ల్యూస్, మ్వేఁ లాంటి ఎక్కువ తక్కువ మాటల ముందు వస్తే చెప్పుకోదగ్గంత అని, అంటే సాఁసీబ్ల్‌మాఁ ప్ల్యూ షేర్ అంటే బాగానే ఎక్కువ ఖరీదు. అదే సమానం, ఒకటే అనే మాటల ముందు వస్తే ఇంచుమించు అని, సాఁసీబ్ల్‌మాఁ ఎగాల్ అంటే దాదాపు సమానం. అంటే ఒకే మాట ఒకచోట తేడా ఉందంటుంది, ఇంకోచోట తేడా లేదంటుంది. పక్కమాట చూడకుండా దీన్ని ముట్టుకోవద్దు.

హోంవర్క్ మూడు వాక్యాలు, ముందు తెలుగులో చెప్పుకుని తర్వాత ఫ్రెంచ్‌లో పెట్టండి. ఒకటి, అసలు ఆయన ప్రస్తుతం పారిస్‌లో లేరు. రెండు, ఏవైనా ఆలస్యాలుంటే ముందే చెప్పండి. మూడు, ఈ రెండు సెన్సర్ల ధరలు ఇంచుమించు ఒకటే, కానీ రెండోది చాలా సెన్సిటివ్. మొదటి దానిలో అసలు, ప్రస్తుతం రెండూ కావాలనే పెట్టా. జవాబులు ఎనిమిదో భాగం మొదట్లో ఇస్తా, ఆ భాగంలో దెమాఁదె, అసిస్తె, లిబ్రెరి సంగతి చూద్దాం.