స్నేహితుడు చెడు వార్త మెసేజ్ చేస్తే ఏమని రిప్లై ఇవ్వాలి?

రాత్రి తొమ్మిదిన్నరకి మెసేజ్ వస్తుంది. "నాన్న బయాప్సీ రిపోర్ట్ వచ్చింది రా. క్యాన్సరే అంట." రెండే రెండు ముక్కలు. మీరు చదివేశారు, అవతల బ్లూ టిక్‌లు పడిపోయాయి. ఏదో టైప్ చేస్తారు, చెరిపేస్తారు, మళ్లీ మొదలుపెడతారు. ఇదంతా వాడికి కనిపిస్తూనే ఉంటుంది, టైపింగ్ అని వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది.

ఈ ఒక్క మెసేజ్‌నే తీసుకుని, మొదటి రిప్లై దగ్గర్నుంచి కొన్నాళ్ల తర్వాత పంపే మెసేజ్ దాకా చూద్దాం. ఉద్యోగం పోయిందన్నా, విడిపోయామన్నా, ఇంట్లో ఎవరో పోయారన్నా పద్ధతి పెద్దగా మారదు.

1. టైప్ చేసే ముందు ఇంకోసారి చదవండి

చెడు వార్త చదవగానే మన కంగారులో సగం మెసేజ్ మాత్రమే బుర్రకెక్కుతుంది. అందుకే రెండోసారి చదవాలి. వాడు ఏమైనా అడిగాడా, లేక ఊరికే చెప్పుకున్నాడా? "ఏం చేయాలో అర్థం కావట్లేదు" అంటే సలహా అడిగినట్టు కాదు, చాలాసార్లు అది బాధ చెప్పుకోవడమే. "నీకు తెలిసిన డాక్టర్ ఎవరైనా ఉన్నారా" అంటే అది నిజంగా అడిగినట్టు, దానికి జవాబు ఇవ్వాల్సిందే.

ఇంకో సంగతి, ఎవరెవరికి తెలుసు అన్నది. "నాన్నకి ఇంకా చెప్పలేదు" అని మెసేజ్ చివర్లో ఉందనుకోండి, మీరు పంపే మాట వాడి ఫోన్ లాక్ స్క్రీన్ మీద కనిపిస్తుంది, ఆ ఫోన్ వాళ్ల నాన్న మంచం పక్కనే ఉండొచ్చు. అప్పుడు క్యాన్సర్ అన్న మాట రాయకుండా "రిపోర్ట్ సంగతి చూశాను" అంటే సరిపోతుంది. వాయిస్ మెసేజ్ అయితే అసలే వద్దు, వాడు అందరి మధ్యలో పొరపాటున నొక్కితే గదంతా వింటుంది.

ఒక్క విషయంలో మాత్రం ఈ వ్యాసంలోని మిగతాదంతా పక్కన పెట్టేయండి. మెసేజ్‌లో "ఇక బతకాలని లేదు" లాంటి మాట ఉంటే రిప్లై ఎలా రాయాలని ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే ఫోన్ చేయండి, చచ్చిపోవాలని ఆలోచిస్తున్నావా అని సూటిగానే అడగండి (అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ), ఒంటరిగా వదలకండి, దగ్గర్లో ఉన్నవాళ్లని పంపించండి, ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే ఎమర్జెన్సీకి ఫోన్ చేయండి.

2. మొదటి రిప్లై చిన్నదే, కానీ త్వరగా

గొప్ప వాక్యం దొరికేదాకా ఆగితే గంట గడిచిపోతుంది. చదివి కూడా మాట్లాడలేదే అని అటు వాడు అనుకుంటాడు. కాబట్టి మూడు నాలుగు వాక్యాలు చాలు. మొదటిది, వాడు చెప్పింది మీకు అందిందని తెలిసేలా. రెండోది, మీకు ఏమనిపించిందో. మూడోది, ఇప్పుడు వాడు ఏం చేస్తే సులువో.

"ఇప్పుడే చూశాను రా. అంకుల్‌కి క్యాన్సర్ అని వినడం చాలా కష్టంగా ఉంది, ఏం చెప్పాలో నిజంగా తెలియట్లేదు. ఫోన్ దగ్గరే ఉన్నాను. మాట్లాడాలనిపిస్తే కాల్ చెయ్, లేదంటే ఇలా మెసేజ్‌లోనే. ఇప్పుడు రిప్లై ఇవ్వకపోయినా పర్లేదు."

ఏం చెప్పాలో తెలియట్లేదు అని రాయడం తప్పేమీ కాదు, అది నిజం కాబట్టి అవతలివాళ్లకి బాగానే వినిపిస్తుంది. కాకపోతే అక్కడితో ఆపేయకూడదు, ఆపేస్తే మళ్లీ మిమ్మల్ని ఊరడించాల్సిన పని వాడి మీద పడుతుంది. వార్తని కూడా వాడి మాటలోనే అనండి. వాడు ధైర్యం చేసి క్యాన్సర్ అని రాస్తే (వాళ్ల నాన్నకి తెలిసి ఉంటే) మీరు "ఆ ప్రాబ్లమ్" అని దాటవేయక్కర్లేదు. వాడు "ఏదో గడ్డ అంటున్నారు" అని మాత్రమే రాస్తే మీరు క్యాన్సరా అని తేల్చేయకూడదు.

మీటింగ్‌లోనో బండి మీదో ఉంటే, "చూశాను రా, బయట ఉన్నా, 10కి కాల్ చేస్తా" అని రాసి 10కి చేయండి. మాటిచ్చి మర్చిపోతే ఇవాళ అది మామూలుకంటే ఎక్కువ గుచ్చుకుంటుంది. ఏడుపు బొమ్మ ఒక్కటి పంపి ఊరుకోవడం, లేదా నమస్కారం పెట్టేయడం, గ్రూపులో పరవాలేదేమో గానీ మీకొక్కరికే రాసిన మెసేజ్‌కి చాలదు.

మరి వెంటనే ఫోన్ చేసేయొచ్చుగా? కొందరికి అదే కావాలి. కానీ చాలామంది మెసేజ్ చేసేదే గొంతు పెగలకనో, పక్కన ఇంట్లోవాళ్లు ఉండటం వల్లనో. అందుకే అడిగి చేయడం నయం.

3. పంపే ముందు ఇవి చెరిపేయండి

"ఏం కాదులే, అంతా సర్దుకుంటుంది." మీకెలా తెలుసు? డాక్టరే ఇంకా ఆ మాట అనలేదు. పైగా ఈ మాట విన్నాక వాడు తన భయం మీ దగ్గర చెప్పుకోలేడు, చెప్తే మిమ్మల్ని కాదన్నట్టు అవుతుంది. "ధైర్యంగా ఉండు, నువ్వే ఇలా అయిపోతే ఎలా" కూడా ఆ కోవలోదే, ఏడవొద్దని మర్యాదగా చెప్పడం. "కనీసం తొందరగా బయటపడింది కదా" లాంటి కనీసంతో మొదలయ్యే వాక్యం ఏదైనా సరే తీసేయండి. ఆ కనీసం ఏదో వాడంతట వాడే అంటే అప్పుడు మీరూ అవునని అనొచ్చు.

"ఏ స్టేజ్?" ఇది దాదాపు అందరూ అడిగే ప్రశ్న, ఆ రాత్రికి అస్సలు అడగకూడని ప్రశ్న కూడా. బయాప్సీ చెప్పేది ముఖ్యంగా అది క్యాన్సరా కాదా, అయితే ఏ రకం అన్నది. ఎంతవరకు పాకింది అన్నది తేలాలంటే మామూలుగా ఆ తర్వాత సీటీ, ఎంఆర్ఐ, పెట్ లాంటి స్కాన్లు కావాలి, కొన్నిసార్లు ఆపరేషన్ అయ్యాక గానీ పూర్తిగా తెలియదు. అంటే మీరు అడిగేదానికి వాడి దగ్గర జవాబే ఉండకపోవచ్చు, మీరు అడగడం వల్ల మాత్రం ఆ భయం తెల్లారేదాకా వాడితో ఉంటుంది. అందరూ అదే అడుగుతారు కాబట్టి, అడగని ఒక్కరు మీరైతే వాడికి ఎంత హాయో చూడండి.

"మా పెద్దమ్మకి కూడా ఇలాగే..." పెద్దమ్మ కోలుకున్నా సరే, ఇవాళ వద్దు. చార్లెస్ డెర్బర్ అనే అమెరికన్ సోషియాలజిస్టు మన జవాబులని రెండు రకాలుగా విడదీశాడు, మాటని చెప్పేవాళ్ల దగ్గరే ఉంచేవి, మన వైపు లాక్కునేవి. వాడు "రేపు నాన్న మొహం ఎలా చూడాలో" అన్నప్పుడు "మా పెద్దమ్మ అప్పుడు నేను కూడా" అంటే మాట మీ వైపు వచ్చేసింది. "రేపు హాస్పిటల్‌కి నువ్వొక్కడివే వెళ్తున్నావా?" అంటే మాట వాడి దగ్గరే ఉంది. రాసింది పంపే ముందు ఇది ఎవరి గురించి ఉంది అని చూసుకోండి, చాలా వరకు అక్కడే దొరికిపోతుంది.

మూలికల వీడియోలు, ఆహార నియమాల ఫార్వర్డ్‌లు పంపడం గురించి చెప్పక్కర్లేదనుకుంటా.

4. "ఏదైనా కావాలంటే చెప్పు" బదులు ఒక పని

ఆ మాట మంచి మనసుతోనే అంటాం. కానీ ఏం కావాలో ఆలోచించడం, అడగడానికి మొహమాటపడటం, రెండూ వాడి నెత్తినే పడతాయి, అందుకే చివరికి ఎవరూ ఏమీ అడగరు. ఒక పని, ఒక సమయం చెప్పి, అవును కాదు అంటే సరిపోయేలా అడగండి.

"గురువారం స్కాన్ అన్నావు కదా, ఆ రోజు నేను ఖాళీ. కారు తీసుకురానా?" లేదా "మన బ్యాచ్ వాళ్లకి నువ్వు చెప్పాలా, నేను చెప్పనా, లేక ఎవరికీ వద్దా?" ఈ రెండో ప్రశ్న చాలా పనికొస్తుంది, ఎందుకంటే ఒకే వార్త పాతికమందికి చెప్పడం అంత అలసట ఇంకోటి ఉండదు. అడగకుండా మీరే గ్రూపులో పెట్టేయడం మాత్రం నమ్మి చెప్పినవాణ్ణి పోగొట్టుకునే పని.

చేయలేనిది చెప్పకండి. వేరే ఊళ్లో ఉండి "ఎప్పుడంటే అప్పుడు వచ్చేస్తా" అనడం కంటే, "డాక్టర్‌ని అడగాల్సినవి రాసుకోవాలంటే రేపు రాత్రి ఒక అరగంట ఇద్దరం ఫోన్‌లో కూర్చుందాం" అనడం మేలు.

5. మీ భయం వేరే చోట చెప్పుకోండి

వాళ్ల నాన్న చేతి తిండి తిని పెరిగినవాళ్లు మీరు, మీకూ నిద్ర పట్టకపోవచ్చు. సూసన్ సిల్క్ అనే సైకాలజిస్టు, బ్యారీ గోల్డ్‌మన్ కలిసి 2013లో లాస్ ఏంజెలెస్ టైమ్స్‌లో దీనికి ఒక తేలికైన లెక్క రాశారు. సిల్క్‌కి బ్రెస్ట్ క్యాన్సర్ ఆపరేషన్ అయినప్పుడు తోటి ఉద్యోగి ఒకామె చూడటానికి వస్తానంది, ఇప్పుడు వద్దంటే "ఇది నీ ఒక్కదాని గురించే కాదు" అందట. ఆ లెక్క ఏమిటంటే, కష్టం ఎవరిదో వాళ్లని మధ్యలో పెట్టి చుట్టూ వలయాలు గీయండి, దగ్గరివాళ్లు లోపల, దూరం వాళ్లు బయట. లోపలివైపు ఓదార్పే వెళ్లాలి, మన ఏడుపు, మన భయం బయటివైపు వెళ్లాలి. ఇక్కడ మధ్యలో వాళ్ల నాన్న, తర్వాత వాడు, వాడి తర్వాత మీరు. కాబట్టి "నాకు చేతులు వణుకుతున్నాయి రా" అని వాడికి రాయకండి, మీ ఇంట్లోవాళ్లకి చెప్పండి, లేదా ఆ కుటుంబంతో పరిచయం లేని స్నేహితులకి. అయితే వాడు రహస్యంగా ఉంచమంటే పేర్లు చెప్పకుండానే.

6. రిప్లై రాకపోతే

రాదు, తరచుగా. ఆ రాత్రి వాడికి వచ్చే ఫోన్లు, చెప్పుకోవాల్సిన సమాధానాలు చాలా ఉంటాయి. "??" పెట్టకండి, "చూశావా" అనకండి, ఆన్‌లైన్‌లో ఉన్నాడు కదా అని లెక్కలు కట్టకండి. మర్నాడు సాయంత్రం ప్రశ్న లేని మెసేజ్ ఒకటి పంపండి, "గుర్తొచ్చావు రా. ఏమీ రాయక్కర్లేదు." ప్రశ్న పెడితే జవాబు బాకీ పెట్టినట్టే.

వాడు చెప్పిన తేదీలు మీ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి, స్కాన్ ఎప్పుడు, రిజల్ట్ ఎప్పుడు, మొదటి కీమో ఎప్పుడు. మొదటి రెండు రోజులు అందరూ మెసేజ్ చేస్తారు, మూడో వారానికి ఎవరి పనుల్లో వాళ్లుంటారు, వైద్యం మాత్రం అప్పుడే మొదలవుతుంది. స్కాన్ రోజు పొద్దున "ఇవాళ కదా. రిజల్ట్ నీకు చెప్పాలనిపించినప్పుడు చెప్పు చాలు" అని రాస్తే, తేదీ మీకు గుర్తుందని తెలుస్తుంది, సమాధానం కోసం తొందరపెట్టినట్టూ ఉండదు. మధ్యమధ్యలో క్రికెట్ స్కోరో పిచ్చి జోకో పంపొచ్చా అంటే, వాడు ముందు అలాంటిది పంపితే తప్పకుండా పంపండి, వాడికి రోజంతా రోగం గురించే మాట్లాడి విసుగొచ్చి ఉంటుంది.

7. అసలు మెసేజ్ చూడటమే ఆలస్యమైతే

వారం తర్వాత చూశారనుకోండి, లేదా చూసి కూడా మాటలు దొరక్క వదిలేశారనుకోండి. ఇప్పుడేం రాస్తాంలే అని ఇంకా వదిలేస్తే అది నెల అవుతుంది. సంజాయిషీ ఒక్క వాక్యం మించకూడదు, ఆఫీసు పనులు, ఫోన్ పాడవడం ఇవన్నీ వద్దు. "ఇన్ని రోజులు రాయనందుకు సారీ రా, ఏం రాయాలో తెలియక ఆగిపోయాను. అంకుల్‌కి స్కాన్ అయ్యిందా? ఆదివారం మధ్యాహ్నం ఖాళీగా ఉన్నా, నువ్వు సరే అంటే ఇంటికొస్తా." వాడు కోపంగా "ఇప్పుడు గుర్తొచ్చానా" అంటే వాదించకండి, "అవును రా, తప్పే" అని రాసి, ఆదివారం సంగతి ఇంకోసారి అడగండి.