పొరపాటు మెసేజ్ తర్వాత వచ్చే "వదిలేయ్" - మూడో పాఠం: "అది" అంటే ఏది?

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం సంగతి తేల్చేద్దాం. "తాళం ఎక్కడ పెట్టావ్?" అని వచ్చి, వెంటనే "సారీ, నీకు కాదు" అని వచ్చింది కదా. ఇందులో తికమకేమీ లేదు, వేరేవాళ్లకు వెళ్లాల్సింది మీకొచ్చింది, మీరు తాళం వెతకక్కర్లేదు. "పర్లేదు" అని ఒక్క మాట అంటే చాలు, అనకపోయినా నష్టం లేదు.

ఈసారి కాస్త చిక్కుది. "అది వదిలేయ్", "పట్టించుకోకు", "ఇగ్నోర్ చెయ్", "నెవర్ మైండ్", "ఏం లేదులే". ఇవన్నీ ఏదో ఒకటి వదిలేయమనే చెబుతాయి, కానీ ఏది వదిలేయాలో మాత్రం చెప్పవు. పంపినవాళ్లకి అది తెలుసు, పైగా కంగారులో ఉంటారు, అందుకే రెండు మాటల్లో ముగించేస్తారు. ఆ "అది" ఏమిటో తేల్చుకునే పని చదివేవాళ్ల మీద పడుతుంది.

వదిలేయమన్నది మూడింటిలో ఏదో ఒకటి అయివుంటుంది. ఒకటి, మొత్తం మెసేజే మీది కాదు, పొరపాటున మీకొచ్చింది. రెండు, మెసేజ్ మీదే, కానీ అందులో ఒక వివరం తప్పు, సరైనది ఇంకోటి ఉంది. మూడు, వివరమంతా సరైనదే, కాకపోతే అందులో అడిగిన పని ఇక అక్కర్లేదు. మొదటిదాన్ని ఎవరైనా పట్టేస్తారు. గొడవంతా రెండోదాన్నీ మూడోదాన్నీ కలిపేసుకోవడంలోనే వస్తుంది. వివరం మాత్రమే తప్పన్నప్పుడు పనే రద్దయిందనుకుని కూర్చుంటే అటువైపు మనిషి మీకోసం ఎదురుచూస్తూ ఉంటారు. పని అక్కర్లేదన్నప్పుడు వివరం తప్పనుకుంటే, రాని సవరణ కోసం మీరు ఎదురుచూస్తూ ఉంటారు.

ఒక ఉదాహరణ తీసుకుని నెమ్మదిగా చూద్దాం. మీ టీమ్ లీడ్ దగ్గర్నుంచి వరుసగా ఇవి వచ్చాయనుకోండి:

10:12 - రేపటి మీటింగ్ 3 గంటలకి మార్చాను
10:12 - స్లైడ్లు ఈసారి మీరు చేయండి
10:13 - అంకెలు ఇందులో ఉన్నాయి, budget_v2.xlsx
10:14 - అయ్యో, అది పట్టించుకోకండి

"అది" ఇక్కడ మూడింటిలో దేనికైనా అతుకుతుంది. మీటింగ్ టైమ్ కావచ్చు, స్లైడ్ల పని కావచ్చు, ఫైల్ కావచ్చు. ముందు చూడాల్సింది దగ్గరితనం. పొరపాటు గుర్తించినవాళ్లు సాధారణంగా ఇప్పుడే పంపినదాని గురించే మాట్లాడతారు, ఎందుకంటే పంపగానే స్క్రీన్ మీద కనబడి గుండె జారేది అదే. ఆ లెక్కన "అది" అంటే ఫైల్. మీటింగ్ టైమ్ గురించి అయితే మామూలుగా "మీటింగ్ సంగతి వదిలేయండి" అని పేరు పెట్టి అంటారు, మధ్యలో రెండు మెసేజ్‌లు దాటి వెనక్కి చూపించాలంటే పేరు కావాలి మరి. అలాగే మొత్తం వద్దనుకుంటే "అవన్నీ" అనో "పైవి" అనో అంటారు. ఏకవచనం వాడారు కాబట్టి ఒక్కదానికే అనుకోవడం మంచి అంచనా, కానీ అంచనా మాత్రమే. కంగారులో ఉన్న మనిషి వచనం చూసుకుని టైప్ చేయరు.

రెండో పరీక్ష, తర్వాత ఏమొచ్చింది? 10:16కి budget_v3.xlsx వచ్చిందంటే ఇక అనుమానం లేదు, పాత ఫైల్ ఒక్కటే రద్దు, స్లైడ్లు మీవే, మీటింగ్ 3 గంటలకే. అదే 10:16కి "నేనే చేసేస్తాలెండి" అని వస్తే "అది" స్లైడ్ల పనికి పోతుంది, ఫైల్ సరైనదే కావచ్చు. చూశారా, అదే 10:14 మెసేజ్, తర్వాతి ఒక్క ముక్కని బట్టి అర్థం మారిపోయింది. అందుకే "పట్టించుకోకండి" రాగానే గభాలున "ఓకే" కొట్టకుండా రెండు మూడు నిమిషాలు ఆగమని నేను చెబుతాను. మీ "ఓకే" చూసి అవతలివాళ్లు మీకు అర్థమైందనుకుని, చెప్పబోయిన వివరణ కాస్తా మింగేస్తారు.

మరి తర్వాత ఏమీ రాకపోతే? అడగాలి, కానీ "ఏది వదిలేయాలి?" అని కాదు. ఆ ప్రశ్నకి చాలాసార్లు "పైనదే" అని జవాబొస్తుంది, మీరు మొదటికే వస్తారు. మీకు అర్థమైంది చెప్పి, మిగిలేదేమిటో అడగండి: "ఫైల్ ఒక్కటే వదిలేస్తున్నా. మీటింగ్ 3కే, స్లైడ్లు నేనే, అంతే కదా?" దీనికి అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పొచ్చు, మీ అంచనా తప్పయితే అప్పటికప్పుడే బయటపడుతుంది. అప్పటికే పాత ఫైల్‌లోని అంకెలతో రెండు స్లైడ్లు చేసేసి ఉంటే అదీ ఇక్కడే చెప్పేయాలి. వదిలేయమన్నవాళ్లకి మీరు ఎంతవరకు వెళ్లారో తెలియదు.

ఇంకో చిన్న చిక్కు: "అది" చూపించే మెసేజ్ అక్కడ లేకపోవచ్చు. వాట్సాప్‌లో అందరికీ కనబడకుండా డిలీట్ చేస్తే, డిలీట్ చేసినట్టు ఒక లైన్ మాత్రం మిగులుతుంది, అది ఏ వరుసలో ఉందో చూస్తే చాలు, దేని గురించో తెలిసిపోతుంది. ఎడిట్ చేస్తేనే కష్టం. పంపిన 15 నిమిషాల లోపు మార్చుకోవచ్చు, మీరు ఆలస్యంగా తెరిస్తే మార్చిన రూపమే కనబడుతుంది, పక్కన ఎడిట్ చేసిన గుర్తు ఒకటి ఉంటుందంతే. అప్పుడు సరిగ్గానే కనబడుతున్న మెసేజ్ కింద "అది పట్టించుకోకు" అని ఉంటుంది, ఎందుకన్నారో అర్థం కాదు. ఎడిట్ గుర్తు ఉంటే, వదిలేయమన్నది పాత రూపాన్ని అయివుండే అవకాశం ఎక్కువ. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, డిలీట్ చేయలేదు కదా, అంటే సీరియస్‌గా అనలేదేమో అని అర్థాలు తీయకండి. చాలామందికి అది తోచదు, అంతే.

ఈమెయిల్‌లో ఇది తలకిందులుగా వస్తుంది. జీమెయిల్‌లో పంపింది వెనక్కి తీసుకోవడానికి ఉండేది మహా అయితే 30 సెకన్లు, అది దాటాక మిగిలేది రెండో మెయిల్ పంపడమే. ఇన్‌బాక్స్‌లో కొత్తది పైన ఉంటుంది కాబట్టి "నా ముందు మెయిల్ వదిలేయండి" అన్నది మీరు ముందు చదువుతారు. ఆ మనిషి నుంచి ఆ రోజు నాలుగు మెయిల్స్ వచ్చి ఉంటే ముందుది ఏది? పంపిన టైమ్ చూడండి, సబ్జెక్ట్ చూడండి. అదే సబ్జెక్ట్‌లో జవాబుగా వచ్చిందైతే ఆ వరుసలో దానికి ముందున్నది. కొత్త సబ్జెక్ట్‌తో విడిగా వచ్చిందైతే టైమ్ ప్రకారం దానికి సరిగ్గా ముందుది.

ఇప్పుడు "ఏం లేదులే" దగ్గరికి వద్దాం, నాకైతే ఈ పాఠంలో అసలు ఆసక్తి దీని మీదే. దీన్ని చదవడానికి మాటల కంటే మధ్యలో గడిచిన టైమ్ ఎక్కువ పనికొస్తుంది. స్నేహితురాలు 6:40కి "ఆ ఫామ్ లింక్ ఉందా నీ దగ్గర?" అని అడిగి 6:42కి "ఏం లేదులే, దొరికింది" అంటే నిజంగానే ఏం లేదు. కారణం చెప్పారు, రెండు నిమిషాల్లో చెప్పారు, మీరింకా చూడనుకూడా లేదు. ఇప్పుడు ఇంకోటి చూడండి. 6:40కి "కాసేపు మాట్లాడాలి, కుదురుతుందా?" అని వచ్చింది, మీరు తెరిచి చూశారు, నీలం టిక్కులు పడ్డాయి, ఏదో పనిలో జవాబివ్వలేదు. 9:25కి "ఏం లేదులే" అని వచ్చింది. కారణం లేదు, అడిగింది లింక్ లాంటి వస్తువు కాదు, మధ్యలో దాదాపు మూడు గంటల మౌనం మీది. ఇది పొరపాటు మెసేజ్‌ని సరిదిద్దుకోవడం కాదు, అడిగినందుకు మొహమాటపడి వెనక్కి తగ్గడం. "సరే" అంటే తలుపేసినట్టే. "ఇప్పుడే ఖాళీ అయ్యాను, చేయనా?" అనాలి. నిజంగా అక్కర్లేకపోతే "వద్దులే, రేపు చెప్తా" అంటారు, అప్పుడు వదిలేయొచ్చు. అలాగని ప్రతి "ఏం లేదులే" వెనకా బాధ వెతుక్కుంటూ పోతే ఎదుటివాళ్లకి విసుగొస్తుంది. కారణం లేకపోవడం, ఆలస్యం, అడిగింది మనిషి తోడు కావడం, ఈ మూడూ కలిసినప్పుడే ఒకసారి కదిలించండి, ఒక్కసారే.

చివరగా, వదిలేయమన్నా వదిలేయకూడనివి రెండున్నాయి. పాస్‌వర్డ్ లాంటిది పొరపాటున మీకొచ్చి "ఇగ్నోర్ చెయ్" అన్నారనుకోండి, మీరు పట్టించుకోనంత మాత్రాన అది రహస్యం అయిపోదు. డిలీట్ చేసినా నోటిఫికేషన్‌లో కనబడే ఉండొచ్చు, గ్రూప్ అయితే ఇంకెంతమంది చూశారో. "చూశాను, మార్చేసుకో" అని చెప్పాలి. రెండోది డబ్బు. "ఇందాకటి అకౌంట్ నంబర్ వదిలేయండి, దీనికి పంపండి" అనే మెసేజ్ నిజమైన సవరణ కావచ్చు, కానీ ఎవరిదో మెయిల్‌లోకో ఫోన్‌లోకో దూరిన మోసగాళ్లు వాడేది కూడా అచ్చం ఇదే వాక్యం. పై పరీక్షలేవీ ఇక్కడ పనిచేయవు, ఎందుకంటే మెసేజ్ నిజమైన అకౌంట్ నుంచే వస్తుంది, పాత సంభాషణ కిందే వస్తుంది. మీ దగ్గర ముందు నుంచీ ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి గొంతు విని అడగండి. ఆ మెసేజ్‌లోనే ఇచ్చిన నంబర్‌కి మాత్రం కాదు.

ఈసారి అభ్యాసం. పది మంది ఉన్న గ్రూప్‌లో ఒకాయన పంపినవి ఇవి:

4:05 - శనివారం అందరూ వస్తున్నారా?
4:06 - నేను కాస్త లేట్ అవుతా
4:06 - (ఒక ఫొటో, తర్వాత డిలీట్ చేశారు)
4:09 - సారీ, అది వదిలేయండి
4:31 - సరే, ఆదివారం అయితే?

4:09లోని "అది" దేని గురించి, 4:31 వచ్చాక మీ జవాబు మారిందా, ఆ ఒకాయన్ని ఒక్క ప్రశ్న అడగాలంటే ఏమడుగుతారు? రాసి పెట్టుకోండి, నాలుగో పాఠం దీంతోనే మొదలుపెడదాం. ఒక్క సూచన: ఫొటో డిలీట్ అయింది, శనివారం మెసేజ్ అలాగే ఉంది.