టైట్రేషన్ రిపోర్టు రాయడం, 4వ పాఠం: దోష శాతానికి కారణం చెప్పే చర్చ

గత పాఠంలో వేసిన లెక్కనే ముందు పెట్టుకుందాం. 25.00 మి.లీ. హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి 0.1000 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 25.55, 25.60, 25.65 మి.లీ. పట్టింది. సగటు 25.60. దాన్నిబట్టి ఆమ్లం గాఢత 0.1024 మోలార్. అసలు విలువ 0.1000 కాబట్టి దోషం +2.4 శాతం. ప్లస్ గుర్తును వదిలేయకండి, చర్చంతా దానిమీదే నడుస్తుంది.

"మానవ తప్పిదం వల్ల తేడా వచ్చింది" అన్న వాక్యం చాలా రిపోర్టుల్లో కనిపిస్తుంది. అది ఏమీ చెప్పదు. మీరు రాసే ప్రతి కారణాన్నీ రెండు ప్రశ్నలు అడగండి: అది ఫలితాన్ని ఏ వైపు నెడుతుంది? ఎంత నెడుతుంది?

అంతిమ స్థానం దాటిపోయిందనుకుందాం. క్షారం ఎక్కువ పడుతుంది కనుక ఫలితం పెరుగుతుంది, వైపు సరిపోయింది. కానీ బ్యూరెట్ చుక్క సుమారు 0.05 మి.లీ., అంటే 0.2 శాతం. మనకు తేడా 0.60 మి.లీ., పన్నెండు చుక్కలు. మూడుసార్లూ అన్నేసి చుక్కలు దాటి ఉంటే ఫినాఫ్తలీన్ లేత గులాబీలో ఆగదు, ముదురు రంగు వచ్చేస్తుంది. ఈ కారణం చాలదు. పిపెట్‌ను నీళ్లతో మాత్రమే కడిగి ఉంటే ఆమ్లం పలచబడి ఫలితం తగ్గేది, కాబట్టి అదీ కాదు. కోనికల్ ఫ్లాస్కులో మిగిలిన నీళ్లు ఆమ్లం మోల్‌లను మార్చవు. దాన్ని కారణంగా రాస్తే దిద్దేవారికి వెంటనే తెలిసిపోతుంది.

మూడు రీడింగులూ 0.10 మి.లీ. లోపల కలిశాయి, అంటే తప్పు ప్రతిసారీ ఒకేలా జరిగింది. బ్యూరెట్ కొనలో గాలి బుడగ ఉంటే సాధారణంగా ఒక్క రీడింగే పెరిగేది. మిగిలిన బలమైన అనుమానం క్షారం మీదే. నిల్వ ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. అలా కార్బొనేటుగా మారిన క్షారంలో సగమే ఫినాఫ్తలీన్ రంగు మారేసరికి లెక్కలోకి వస్తుంది. సీసా మీద 0.1000 అని ఉన్నా నిజంగా పనిచేసింది దాదాపు 0.0977 మోలారే అయి ఉండాలి.

ఇప్పుడు పేరా ఇలా రాయవచ్చు:

"ఫలితం అసలు విలువకన్నా 2.4 శాతం ఎక్కువ. రీడింగులు దగ్గరగా ఉన్నందున ఇది క్రమబద్ధ దోషంగా కనిపిస్తోంది. ఒక చుక్క అదనంగా పడినా 0.2 శాతమే మారుతుంది. క్షారం గాఢత 0.0977 మోలార్‌కు తగ్గి ఉంటే ఈ తేడా పూర్తిగా సరిపోతుంది. దీన్ని పరీక్షించడానికి ఆరబెట్టిన 0.5106 గ్రాముల పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో క్షారాన్ని ప్రమాణీకరించాలి. 25.00 మి.లీ.కి బదులు 25.6 మి.లీ. పడితే కారణం రుజువైనట్లే."

"ఉండాలి", "కనిపిస్తోంది" అన్న మాటలు కావాలనే వాడాం. ప్రమాణీకరణ చేయనిదే "క్షారం చెడిపోయింది" అని తేల్చి రాయకూడదు.

వచ్చే పాఠానికి అభ్యాసం: అదే ప్రయోగంలో సగటు 24.60 మి.లీ. వచ్చిందనుకుని, పై కారణాల్లో ఏవి నిలుస్తాయో ఒక పేరాలో రాయండి.