రెండు వైపులా వన్-వన్ ఉంది, బైజెక్షన్ మాత్రం దొరకడం లేదు

A, B రెండు అనంత సమితులు. A నుంచి B కి ఒక అన్వేక ప్రమేయం, అంటే వన్-వన్, ఉంది. B నుంచి A కి ఇంకొకటి ఉంది. రెండూ ఆన్‌టు కావు. మరి ఈ రెండు సమితుల పరిమాణం సమానమేనా? సమానమే. కాంటర్-ష్రోడర్-బెర్న్‌స్టెయిన్ సిద్ధాంతం చెప్పేది ఇదే: రెండు వైపులా వన్-వన్ ఉంటే, వన్-వన్, ఆన్‌టు రెండూ అయిన ప్రమేయం, అంటే బైజెక్షన్, ఒకటి తప్పకుండా ఉంటుంది. ఈ మాట కంఠతా వచ్చిన విద్యార్థులు కూడా లెక్క చేసేటప్పుడు కొన్ని చోట్ల ఇరుక్కుపోతారు. నేను తరచుగా చూసే చోట్లు ఇవి.

సమస్య: "నా ప్రమేయం ఆన్‌టు కాలేదు, కాబట్టి A చిన్నది" అని జవాబు వచ్చింది

కారణం పరిమిత సమితుల అలవాటు. ఐదు కుర్చీలున్న గదిలో నలుగురు కూర్చుంటే ఒక కుర్చీ ఖాళీ. ఎలా మార్చి కూర్చోబెట్టినా ఆ ఖాళీ పోదు. అనంత సమితుల్లో ఖాళీ మనం ఎంచుకున్న ప్రమేయాన్ని బట్టి వస్తుంది. సహజ సంఖ్యల మీద n ని 2n కి పంపితే బేసి సంఖ్యలన్నీ మిగిలిపోతాయి. అంతమాత్రాన సహజ సంఖ్యలు తమకంటే తామే తక్కువైపోవు కదా.

A చిన్నది అనాలంటే ఏ ప్రమేయం తీసుకున్నా బైజెక్షన్ కుదరదని చూపించాలి. అందుకని ఆ మాట అనే ముందు B నుంచి A కి వన్-వన్ ఏదైనా దొరుకుతుందేమో వెతకండి. దొరికిందంటే "చిన్నది" అన్న జవాబు అక్కడితో కొట్టేయాల్సిందే.

సమస్య: దశాంశాలు కలిపి బైజెక్షన్ కట్టాను, ఏవో సంఖ్యలు మిగిలిపోతున్నాయి

చదరంలోని బిందువులు, గీత మీది బిందువులు పరిమాణంలో సమానమని చూపించే లెక్క ఇది. x, y రెండూ 0 నుంచి 1 లోపు సంఖ్యలు, 1 మాత్రం లేదు. x అంకె ఒకటి, y అంకె ఒకటి చొప్పున అల్లితే ఒకే సంఖ్య వస్తుంది. 0.5000… నే 0.4999… అని కూడా రాయొచ్చు కాబట్టి, చివర అన్నీ 9లు వచ్చే రూపం వాడకూడదని ముందే నియమం పెట్టుకుంటాం. అప్పుడు అల్లిక వన్-వన్ అవుతుంది.

ఇప్పుడు 0.1090909… ని తీసుకుని అల్లిక విప్పండి. బేసి స్థానాల్లో 1, 9, 9, 9… ఉన్నాయి, సరి స్థానాల్లో అన్నీ సున్నాలే. అంటే x = 0.1999… కావాలి. ఆ రూపం వద్దని మనమే అన్నాం. 0.2000… అని రాస్తే అల్లిక వేరే సంఖ్యను ఇస్తుంది. కాబట్టి 0.1090909… కి ఏ బిందువూ రాదు. 1877 జూన్‌లో కాంటర్ ఇలాంటి నిరూపణే తోటి గణితవేత్త డెడెకిండ్‌కు ఉత్తరంలో పంపితే, డెడెకిండ్ పట్టుకున్న లోపం ఇదే. కాంటర్ దాన్ని వదిలి అవిరత భిన్నాలతో వేరే దారి పట్టాల్సి వచ్చింది.

మనకు అంత శ్రమ అక్కర్లేదు. అల్లికను ఆన్‌టు చేయాలని పెనుగులాడకండి. అది వన్-వన్ అయితే చాలు. ఎదురు దిశలో x ని (x, 0) కి పంపండి, అదీ వన్-వన్. మిగతాది సిద్ధాంతం చూసుకుంటుంది.

సమస్య: రెండు ప్రమేయాలనూ అతికిస్తే రెండు మూలకాలు ఒకే చోటికి వస్తున్నాయి

ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. చిన్న ఉదాహరణ మీద చూద్దాం. A లో 0 నుంచి 1 దాకా అన్నీ ఉన్నాయి, 1 తో సహా. B లో అవే, 1 మాత్రం లేదు.

```
f : A → B,  f(x) = x/2
g : B → A,  g(y) = y
```

సహజంగా తట్టే ఆలోచన: g ని వెనక్కి తిప్పగలిగిన చోట తిప్పుదాం, కుదరని చోట f వాడదాం. g విలువల్లో లేనిది 1 ఒక్కటే. కాబట్టి 1 ని f తో 1/2 కి పంపాం, మిగతా ప్రతి x ని ఉన్నచోటే ఉంచాం. కానీ A లోని 1/2 కూడా 1/2 దగ్గరే ఉంది. ఇద్దరూ ఒకే కుర్చీలో!

కారణం: 1 ని కదిలించి అక్కడితో ఆగిపోయాం. 1/2 కూడా కదలాలి. అది 1/4 కి పోతే 1/4 కూడా కదలాలి. ఇది ఎక్కడా ఆగదు, ఆగకపోవడమే మనకు మేలు. 1, 1/2, 1/4, 1/8… ఈ వరుస మొత్తాన్నీ f తో పంపండి. మిగతా అన్నింటినీ ఉన్నచోటే ఉంచండి.

```
h(x) = x/2   x = 1, 1/2, 1/4, 1/8, … అయితే
h(x) = x     మిగతా x లకు
```

సరిచూద్దాం. 1/2 కి 1 నుంచి వచ్చారు, 1/4 కి 1/2 నుంచి వచ్చారు. 3/4 తన చోటే ఉంది, 0 తన చోటే ఉంది. B లో ఖాళీ లేదు, ఎక్కడా ఇద్దరు లేరు.

ఏ A, B లకైనా పద్ధతి ఇదే. A లో ఒక మూలకం తీసుకుని దాని పూర్వీకులను వెతుకుతూ వెనక్కి నడవండి: g ద్వారా B లో ఎవరి నుంచి వచ్చింది, వారు f ద్వారా A లో ఎవరి నుంచి వచ్చారు, అలా. ఈ నడక A లో ఆగిపోతే ఆ మూలకానికి f వాడండి. B లో ఆగిపోయినా, అసలు ఆగకపోయినా g ని వెనక్కి తిప్పండి. పైన 3/4 నడక B లో ఆగుతుంది, ఎందుకంటే f విలువలు 1/2 దాటవు. 0 నడక తిరిగి తిరిగి 0 దగ్గరికే వస్తుంది.

ఈ నడకలో ముందూ వెనకా కలిసే మూలకాలన్నీ కలిపి ఒక గొలుసు అనుకుందాం. గుద్దుకోవడం ఎందుకు ఉండదంటే, f వాడినా g ని తిప్పినా మూలకం తన గొలుసు దాటి పోదు, ఒక గొలుసులో ఒకే నియమం నడుస్తుంది. ఖాళీ కూడా ఉండదు. A లో మొదలైన గొలుసులో B మూలకం ప్రతిదానికీ f తరఫున పూర్వీకుడు ఉంటాడు, లేకపోతే గొలుసు ఆ మూలకం దగ్గరే మొదలై ఉండేది. మిగతా గొలుసుల్లో B మూలకం y కి g(y) జవాబుగా సిద్ధంగా ఉంటుంది. ఈ వాదనలో ఎక్కడా ఇష్టమొచ్చినట్టు ఎంచుకోలేదు, కాబట్టి వరణ స్వీకృతం, అంటే ఆక్సియమ్ ఆఫ్ చాయిస్, అవసరం లేదు. ఇంత చిన్న వాదన అయినా, 1898లో ష్రోడర్ అచ్చువేసిన నిరూపణలో తప్పు ఉంది. సరైనది 1897లో కాంటర్ సెమినార్‌లో ఇచ్చిన బెర్న్‌స్టెయిన్‌కు అప్పటికి 19 ఏళ్లు.

సమస్య: బైజెక్షన్ వచ్చింది, కానీ అవిచ్ఛిన్నంగా లేదు, క్రమమూ పోయింది

ఇది మీ తప్పు కాదు. పైన h ని చూడండి: 1/2 కి కొంచెం ఎడమన ఉన్నవి 1/2 పక్కనే ఉన్నాయి, 1/2 మాత్రం 1/4 కి దూకింది. సిద్ధాంతం హామీ ఇచ్చేది మూలకాల జత కుదురుతుందని మాత్రమే. f, g రెండూ అవిచ్ఛిన్నమైనా, రెండూ క్రమాన్ని కాపాడినా, h కి ఆ గుణం రావాలని లేదు. ఇక్కడైతే వేరే h వెతికినా లాభం లేదు: A లో అన్నింటికన్నా పెద్ద మూలకం 1 ఉంది, B లో అలాంటిది లేదు, కాబట్టి క్రమాన్ని కాపాడే బైజెక్షన్ ఈ రెంటి మధ్య అసలు లేదు. ప్రశ్నలో "అవిచ్ఛిన్న" అనో "క్రమాన్ని కాపాడే" అనో ఉంటే ఈ సిద్ధాంతం పక్కన పెట్టి వేరే సాధనం వెతుక్కోవాలి.