తీర్థంలో పొట్లాలు మారిపోతే: చిన్నపిల్లలకు నిజాయితీ కథ ఎలా రాయాలి?

నిజాయితీ మీద కథ రాయమంటే చాలామంది దారిలో పర్సు దొరికినట్టు రాసేస్తారు. పిల్లాడు తిరిగిచ్చేస్తాడు, పెద్దాయన వంద రూపాయలు బహుమానం ఇస్తాడు. రెండో తరగతి పిల్లలు కూడా సగంలోనే చివర చెప్పేస్తారు. దానికి బదులు భీమిలి దగ్గర ఒక పల్లెలో తీర్థం పెడదాం. విశాఖ వైపు ఊరి జాతరను అలాగే అంటాం కదా.

ముందు ఏది మారిపోవాలో తేల్చుకోండి. పైకి రెండూ ఒకేలా ఉండాలి, లోపల తేడా ఉండాలి. మిఠాయి కొట్లో కాగితం పొట్లాలు ఇందుకు బాగా పనికొస్తాయి. మూడో తరగతి నూకాలు జీళ్ళు కొంది. రద్దీలో కొట్టతను ఖర్జూరం పొట్లం ఇచ్చేశాడు. (పండు కాదు, తీర్థాల్లో అమ్మే పిండి మిఠాయి.)

తర్వాతి పని కాస్త కష్టం. నిజం చెప్పడం పిల్లకి తేలిక కాకూడదు. విప్పగానే పొరపాటు తెలిస్తే వెనక్కి ఇచ్చేయడం పెద్ద పనేం కాదు. అందుకే కళ్ళు రంగులరాట్నం మీద ఉండగా చెయ్యి పొట్లంలోకి పోనివ్వండి. ఒక ముక్క నమిలాకే తెలియాలి. ఐదింటిలో నాలుగే మిగిలాయి. ఇప్పుడు తిరిగి ఇవ్వాలంటే తిన్న సంగతీ ఒప్పుకోవాలి. ఎవరూ చూడలేదు కూడా. ఈ టెన్షన్ దగ్గర నాలుగైదు వాక్యాలు నిలవండి. మిగతాచోట త్వరగా నడిపించినా ఫర్వాలేదు.

నిజాయితీతో పాటు పంచుకోవడం కూడా కథలో ఉండాలనుకుంటే, దానికోసం ఇంకో సంఘటన తెచ్చి అతికించకండి, ఈ పొరపాటులోంచే రానివ్వండి. నూకాలు తిరిగి కొట్టు దగ్గరికి వెళ్తే, ఆ పొట్లం వాళ్ళదంటూ కొట్టతను రాట్నం దగ్గరున్న అప్పలరాజునీ వాడి చెల్లెల్నీ చూపిస్తాడు.

"అన్నా, ఇది మీ పొట్లం. ఒకటి తినేశాను."

"ఏటి, ఒకటేనా? నీ జీళ్ళు మేం మొత్తం తినేశాం!"

నాలుగు ముక్కలు, ముగ్గురు పిల్లలు. వింటున్నవాళ్ళు అప్పటికే లెక్క మొదలుపెడతారు. నాలుగో ముక్కను చెల్లెలు విరవబోతుండగా కథ ఆపేయండి. నేను మొదటిసారి రాసినప్పుడు ఇక్కడ ఒక మాస్టారు వచ్చి నూకాలును మెచ్చుకున్నారు. ఆ పేరా కొట్టేశాకే కథ కుదిరింది.

మొత్తం రెండువందల యాభై మాటలు దాటనివ్వకండి, వాక్యానికి ఆరేడు మాటలు చాలు. మాటల్లో "ఏటి" ఉంటే "ఏమిటి" అని దిద్దొద్దు.

రాశాక నలుగురు పిల్లలకు చదివి వినిపించండి. నూకాలు మొదటి ముక్క నమిలిన చోట ఆగి, "ఇప్పుడేం చేస్తుంది?" అని అడగండి. అందరూ ఒక్క గొంతుతో "ఇచ్చేస్తుంది టీచర్" అంటే, అది కథ విని చెప్పిన జవాబు కాదు, తరగతిలో అలవాటైన జవాబు. వెనక్కి వెళ్ళి ఆ చోటు మళ్ళీ రాయండి. ఎవరో ఒకరు మెల్లగా "నాలుగే ఉన్నాయని వాళ్ళకెలా తెలుస్తుంది?" అన్నారంటే మిగతా సగం ధైర్యంగా చదవొచ్చు.