సగం పూట పనికి మారబోయే ముందు జాగ్రత్తలు

• రాజీనామాకు ముందే సొంత ఆరోగ్య బీమా తీసుకోండి. కంపెనీది ఉద్యోగంతోనే పోతుంది, కొత్తదాంట్లో పాత షుగరు, బీపీలకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు. పర్లాకిమిడి నుంచి పెద్ద వైద్యానికి విశాఖ పరుగెత్తేవాళ్లం, అక్కడి ఆసుపత్రుల్లో క్యాష్‌లెస్ ఉందో చూడండి.

• లోటు లెక్కేయండి. ఖర్చు నెలకు 40,000, కొట్లో సగం పూట లెక్కలు రాస్తే 18,000 అనుకుందాం. తక్కువ పడే 22,000 ఏడాదికి 2,64,000. ఆ లోటుకు పెట్టుబడిలోంచి ఏటా 3.5 శాతమే తీయాలంటే సుమారు 75 లక్షలు ఉండాలి. ఉంటున్న ఇల్లు కలపకండి, అది కూరగాయలు కొనిపెట్టదు.

• ఉద్యోగంలో ఉండగానే ఆర్నెల్లు 40,000తో గడిపి చూడండి. మాకు మూడో నెలలోనే పెళ్లి చదివింపులు లెక్క తప్పించాయి.

• ఐదేళ్ల సర్వీసుకు నెలలే తక్కువైతే ఆగండి, లేకపోతే గ్రాట్యుటీ పోవచ్చు.